కేరళలో బొగ్గు ఎక్కడిది?

కేరళలో బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఒక్కటి కూడా లేదు. 780 మెగావాట్ల ఇడుక్కి లాంటి జలవిద్యుత్ కేంద్రాలే ఆ రాష్ట్ర సొంత ఉత్పత్తికి ఆధారం. అయినా దక్షిణాది రాష్ట్రాల విద్యుదుత్పత్తి మీద ఒక నివేదిక తయారుచేసి, అందులో ఒక్క అంకె కూడా తప్పు లేకుండా చూసుకుని, చదివినవాళ్లు "కేరళ బొగ్గు మీదే బతుకుతోందన్నమాట" అనుకునేలా చేయవచ్చు. దానికి ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. చార్టులు గీసే సాఫ్ట్‌వేరును దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు.

ఈ అధ్యాయమంతా ఒక మెయిల్ చుట్టూ తిరుగుతుంది. ఒక కార్యాలయంలో ఇలాంటి నివేదిక పనిలో ఉన్న విశ్లేషకురాలు, అచ్చుకు వెళ్లే ముందు చార్టులన్నిటికీ రంగులు మార్చి, ఎందుకు మార్చానో సహోద్యోగులకు రాసిన మెయిల్ అది. ఆమె, ఆ కార్యాలయం నేను కల్పించుకున్నవి. ఆమె చెప్పే చిక్కులు మాత్రం కల్పన కాదు. రోజూ వాడే సాఫ్ట్‌వేర్లు నిజంగా అలాగే ప్రవర్తిస్తాయి. మీరు కంప్యూటర్లో సరిచూసుకోవచ్చు. ఉదాహరణ తేలిగ్గా ఉండాలని విద్యుత్తు వనరులను ప్రస్తుతానికి ఐదుకే పరిమితం చేశాను: బొగ్గు, జల, అణు, సౌర, పవన.

మెయిల్ ఇలా మొదలవుతుంది:

"అందరికీ నమస్తే. మీరు పంపిన చార్టుల్లో అంకెల జోలికి వెళ్లలేదు, రంగులు మాత్రం అన్నిట్లోనూ మార్చాను. ముసాయిదాలో తమిళనాడు పేజీ, తెలంగాణ పేజీ, కేరళ పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. తమిళనాడులో ఆకుపచ్చ అంటే అణువిద్యుత్తు. తెలంగాణలో అదే ఆకుపచ్చ సౌరవిద్యుత్తు. కేరళకు వచ్చేసరికి అది గాలిమరలైంది. నీలం సంగతి ఇంకా ఘోరం. తమిళనాడులోనూ తెలంగాణలోనూ నీలం బొగ్గు, కేరళలో నీలం నీళ్లు."

ఎవరూ కావాలని చేసింది కాదు. జరిగింది ఇది. పైథాన్‌లో పాండాస్ అనే సాధనంతో పట్టికలు తయారుచేసి, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే సాధనంతో చార్టులు గీశారు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ దగ్గర ముందే ఒక వరుసలో పేర్చిన పది రంగులున్నాయి. మొదటిది నీలం, తర్వాత నారింజ, ఆకుపచ్చ, ఎరుపు, ఊదా, ఆ తర్వాత మిగతావి. పది అయిపోతే మళ్లీ నీలం. మనం రంగు చెప్పకపోతే, పట్టికలో మొదటి నిలువు వరుసకు మొదటి రంగు, రెండోదానికి రెండోది, ఇలా పంచుకుంటూ పోతుంది. ఆ నిలువు వరుసలో ఉన్నది బొగ్గా, గాలా అన్నది దానికి పట్టదు.

ఇక పాండాస్ సంగతి. పొడవాటి పట్టికను సంవత్సరాలు ఒక పక్క, వనరులు ఇంకో పక్క వచ్చేలా తిప్పినప్పుడు, అది వనరుల పేర్లను అక్షరక్రమంలో పెడుతుంది: Coal, Hydro, Nuclear, Solar, Wind. తమిళనాడుకు ఐదూ ఉన్నాయి. అణువిద్యుత్తు కల్పాక్కం, కూడంకుళం నుంచి వస్తుంది. కనుక బొగ్గుకు నీలం, నీటికి నారింజ, అణువుకు ఆకుపచ్చ, సౌరానికి ఎరుపు, గాలికి ఊదా. తెలంగాణలో అణువిద్యుత్ కేంద్రం లేదు. ఆ రాష్ట్రపు వరుసలను మాత్రమే వడగట్టి పట్టిక తిప్పితే Nuclear అనే నిలువు వరుసే పుట్టదు. దాంతో సౌరం ఒక మెట్టు ముందుకు జరిగి ఆకుపచ్చను అందుకుంటుంది, గాలి ఎరుపును అందుకుంటుంది. కేరళలో బొగ్గూ లేదు, అణువూ లేదు. అక్కడ వరుస Hydro, Solar, Wind. నీటికి నీలం దక్కింది.

తమిళనాడు పేజీలో అడుగున నీలం దిమ్మెలు చూసి "నీలం అంటే బొగ్గు" అని మనసులో వేసుకున్న పాఠకుడు, కేరళ పేజీ తిప్పగానే ఎత్తైన నీలం దిమ్మెలు చూస్తాడు. తర్వాత ఏమనుకుంటాడో చెప్పనక్కర్లేదు.

ఒక్కో మ్యాచ్‌కు బ్యాటింగ్ వరుసను బట్టి ఆటగాళ్లకు జెర్సీ నంబర్లు ఇస్తే ఎలా ఉంటుందో, ఇదీ అంతే. ఏ ఒక్క మ్యాచ్ వరకూ చూసినా నంబర్లు సరిగ్గానే ఉంటాయి. రెండు మ్యాచ్‌లు కలిపి చూడబోతేనే ఎవరు ఎవరో తెలియదు.

మెయిల్ అందుకున్నవారిలో ఒక పెద్దాయన వెంటనే అడగబోయే ప్రశ్నను ఆమె ముందే ఊహించింది.

"ప్రతి చార్టు పక్కనా లెజెండ్ ఉంది కదమ్మా, ఏ రంగు ఏమిటో అందులో రాసే ఉంది కదా అంటారేమో సార్. ఉంది. కానీ మూడో చార్టు దాటాక మీరు దాన్ని చూస్తున్నారా?"

ఈ ప్రశ్న వెనక కంటి సంగతీ జ్ఞాపకం సంగతీ ఉన్నాయి. లెజెండ్ చూసి చార్టు చదవడమంటే, దిమ్మె మీద ఉన్న చూపును పక్కన ఉన్న చిన్న చతురస్రం మీదకు జరిపి, పేరు చదివి, ఆ పేరును మనసులో పట్టుకుని మళ్లీ దిమ్మె దగ్గరకు రావడం. ఐదు రంగులకు ఐదు రాకపోకలు. మనసులో ఒకేసారి పట్టుకోగలిగే రంగులు చాలా కొద్ది. 1997లో స్టీవెన్ లక్, ఎడ్వర్డ్ వోగెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొన్ని రంగు చతురస్రాలను సెకనులో పదో వంతు సేపు చూపించి, కాస్త ఆగి మళ్లీ చూపించి, వాటిలో ఏదైనా మారిందా అని అడిగారు. మూడు నాలుగు చతురస్రాల వరకు జనం బాగానే చెప్పారు. సంఖ్య పెరిగేకొద్దీ తప్పులు పెరిగాయి. లెజెండ్‌లోని ఐదు జతలు ఆ హద్దును అప్పటికే దాటేశాయి.

అయితే మనిషి ప్రతిసారీ లెజెండ్ దగ్గరకు పోడు. రెండు మూడు చార్టులు చూసేసరికి రంగులకూ పేర్లకూ ఉన్న జత స్థిరమైన జ్ఞాపకంలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత లెజెండ్ చూడకుండానే చదువుతాడు. పెద్ద నివేదికను ఎవరైనా ఓపిగ్గా చదవగలుగుతున్నారంటే కారణం ఈ అలవాటే. రంగులు నిలకడగా ఉంటే ఆ అలవాటు సాయం చేస్తుంది, మారుతుంటే అదే మోసం చేస్తుంది. పాఠకుడు ఎంత శ్రద్ధగా తమిళనాడు పేజీ నేర్చుకుంటే కేరళ పేజీలో అంత గట్టిగా పొరబడతాడు. నా దృష్టిలో ఇందులోని అన్యాయం అదే. అజాగ్రత్తగా చదివినవాడికి ఏ నష్టమూ లేదు.

నేర్చుకున్న జత ఎంత మొండిదో చూపించే పాత ప్రయోగం ఒకటుంది. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే అమెరికా పరిశోధకుడు వంద మంది కళాశాల విద్యార్థుల చేత రంగుల పేర్లు చెప్పించాడు. ఉత్త రంగు చతురస్రాలు వంద చూపితే వాటి రంగులు చెప్పడానికి సగటున 63 సెకన్లు పట్టింది. 'ఎరుపు' అన్న మాటను నీలం సిరాతో, 'నీలం' అన్న మాటను ఆకుపచ్చ సిరాతో ముద్రించి, మాటను వదిలేసి సిరా రంగు చెప్పమంటే 110 సెకన్లు పట్టింది. చదవవద్దు అని ఎంత గట్టిగా అనుకున్నా మాట అడ్డొస్తూనే ఉంది. చార్టు చదవడం స్ట్రూప్ పరీక్ష కాదు, ఆ సెకన్లను ఇక్కడికి తెచ్చి లెక్క కట్టలేం. కానీ ఒకసారి కుదిరిన ముడిని "ఈ పేజీకి మర్చిపో" అంటే మనసు వినదని మాత్రం అది చెబుతోంది.

మళ్లీ మెయిల్‌కు వద్దాం. "మనందరం ఆఫీసు వాళ్లిచ్చిన ఒకే రంగుల పెట్టె వాడాం కదా" అని ఒకరిద్దరు అంతకుముందే అన్నారు. దానికి ఆమె జవాబు చాలామందికి తట్టనిది:

"ఒకే రంగుల పెట్టె వాడటం, ఒకే వస్తువుకు ఒకే రంగు వాడటం రెండూ ఒకటి కావు. మనం మొదటిది చేశాం. రెండోది చేయలేదు. పెట్టెలోని రంగులు మార్చినా ఈ గొడవ పోదు. ఎక్సెల్‌లో గీసినవాళ్లకూ ఇదే జరిగింది. అది కూడా వరుస సంఖ్యను చూసే రంగు ఇస్తుంది, పేరును చూసి కాదు."

ఎక్సెల్ వాడేవారికి ఆమె చెప్పిన ఉపాయం మోటుదే కానీ పనిచేస్తుంది. ప్రతి రాష్ట్రపు షీట్‌లోనూ ఐదు నిలువు వరుసలూ అదే క్రమంలో ఉంచాలి, వనరు లేకపోతే గడులు ఖాళీగా వదలాలి, అంతేగానీ నిలువు వరుసను తీసేయకూడదు. అప్పుడు సౌరం ఎప్పుడూ నాలుగోదే, దాని రంగు ఎప్పుడూ నాలుగో రంగే. లెజెండ్‌లో ఖాళీ వనరు పేరు కనిపిస్తే దాని మీద క్లిక్ చేసి ఆ పేరును మాత్రం తొలగించవచ్చు, వరుస చెదరదు. పైథాన్‌లో పనిచేసేవారికి ఆమె పంపింది ఈ చిన్న నిఘంటువు:

```python
colors = {
    "Coal": "#4D4D4D",
    "Hydro": "#0072B2",
    "Nuclear": "#E69F00",
    "Solar": "#F0E442",
    "Wind": "#009E73",
}
df.plot(kind="bar", stacked=True,
        color=[colors[c] for c in df.columns])
```

ఇప్పుడు రంగు స్థానానికి కాక పేరుకు అంటుకుంది. పట్టికలో ఏ వనరు ఉన్నా లేకపోయినా, క్రమం ఎలా మారినా, సౌరం పసుపే. దీనిలో ఇంకో మేలు దాగి ఉంది. ఎవరైనా ఒక ఫైల్లో "Solar" బదులు "Solar PV" అని రాస్తే ఆ పేరు నిఘంటువులో దొరకదు, ప్రోగ్రాము KeyError చూపించి ఆగిపోతుంది. పాత పద్ధతిలో అయితే అది కిక్కురుమనకుండా ఇంకో రంగు వేసి ముందుకు పోయేది. గుట్టుగా తప్పు చేసే ప్రోగ్రాము కన్నా గొడవ చేసి ఆగే ప్రోగ్రాము నయం.

ఈ ఐదు రంగులూ ఆమె ఎలా ఎంచుకుందన్నది మెయిల్‌లో అన్నిటికన్నా పొడుగు భాగం. నాకు అన్నిటికన్నా నచ్చింది కూడా అదే.

బొగ్గు కాకుండా మిగతా నాలుగు రంగులు మసతాకా ఒకాబే, కే ఇతో అనే ఇద్దరు జపాన్ శాస్త్రజ్ఞులు కూర్చిన ఎనిమిది రంగుల జాబితాలోవి. ఎరుపు, ఆకుపచ్చలను విడిగా గుర్తించలేని కళ్లు కూడా పోల్చుకోగలిగేలా వాటిని ఎంచారు. ఆ రకం వర్ణాంధత్వం మగవారిలో ఎక్కువ. ఐరోపా సంతతి మగవారిలో సుమారు 8 శాతం మందికి ఉంటుంది. కనుక కొత్త రంగుల పట్టీలో ఎరుపు ఆకుపచ్చల జత లేదు. నీటికి నీలం, సూర్యుడికి పసుపు, బొగ్గుకు బొగ్గు రంగు అన్నది కూడా ఉత్త ముచ్చట కాదు. వస్తువు తలచుకోగానే తట్టే రంగు దానికిస్తే చార్టు త్వరగా చదవగలుగుతారని 2013లో షారన్ లిన్, జెఫ్రీ హీర్ బృందం ప్రయోగం చేసి చూపింది.

తొలి కూర్పులో ఆమె సౌరానికి నారింజ, అణువుకు జాబితాలోని గులాబీ రంగు #CC79A7 పెట్టి చూసింది. తెర మీద చక్కగా ఉంది. అప్పుడు ఆమె ఆ పేజీని నలుపు తెలుపుల్లో ముద్రించింది. జిల్లా కార్యాలయాలకు నివేదిక వెళ్లేది జిరాక్సు కాపీగానే కదా.

"జిరాక్సులో తమిళనాడు చార్టులో అణువూ గాలీ ఒకటైపోయాయి. అందుకే గులాబీని తీసేశాను."

ఎందుకు ఒకటయ్యాయో లెక్క కట్టవచ్చు. ప్రతి రంగులోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లుంటాయి. మన కంటికి వెలుగుగా అనిపించడంలో వాటి వాటా సమానం కాదు. ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7 మాత్రమే. తెర మీది సంఖ్యలను అసలు వెలుగు పాళ్లుగా మార్చి, ఈ వాటాలతో కలిపి, వచ్చినదాన్ని మళ్లీ తెర సంఖ్యగా మార్చి, నలుపును 0, తెలుపును 255 అనుకుంటే, ఏ రంగు ఎంత బూడిదగా అచ్చవుతుందో వస్తుంది. ఆ లెక్కలో గాలికిచ్చిన ఆకుపచ్చ 139. గులాబీ 147. తెర మీద ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా కనిపించే ఈ రెండు రంగులు కాగితం మీద కవలలు. మామూలు జిరాక్సు యంత్రం ఆ ఎనిమిది అంకెల తేడాను మింగేస్తుంది.

కాబట్టి ఆమె మళ్లీ పంచింది. బొగ్గు 77, నీరు 109, గాలి 139, ఇవి సరిపోయాయి. సౌరానికి పెట్టిన నారింజ 173. దాన్ని అణువుకు మార్చి, సౌరానికి జాబితాలోని లేత పసుపు, 224, ఇచ్చింది. ఇప్పుడు ఐదు మెట్లు: 77, 109, 139, 173, 224. రంగు పోయినా ముదురు, లేత అన్న తేడా మిగిలి ఉంటుంది. పసుపుతో ఒక చిక్కు ఉంది. తెల్ల కాగితం మీద అంచు కనిపించక దిమ్మె ఎక్కడ ముగిసిందో తెలియదు. అందుకని ప్రతి ముక్క చుట్టూ సన్నటి ముదురు గీత పెట్టింది.

ఒక వస్తువుకు ఒకే రంగు అన్న నియమానికి జంట నియమం ఇంకొకటుంది: వేరు వేరు వస్తువులకు ఒకే రంగు వాడకూడదు. 2017లో జెనింగ్ చూ, జెస్సికా హల్‌మన్ అనే పరిశోధకులు ఎన్నో చార్టులున్న నివేదికల్లో పొందిక ఎలా ఉండాలో పరిశీలించినప్పుడు ఈ రెంటినీ పక్కపక్కనే పెట్టారు. రెండోది మర్చిపోవడం చాలా తేలిక. మన నివేదికలో వనరుల చార్టులే కాదు, ఐదు రాష్ట్రాల డిమాండును పోల్చే గీతల చార్టు కూడా ఉంది. వదిలేస్తే అక్కడ రాష్ట్రాలకు కూడా అవే రంగులు పడతాయి. ఆంధ్రప్రదేశ్ నీలం అయితే, చదివేవాడు అది జలవిద్యుత్తేమో అనుకోవచ్చు.

ఐదు వనరులకు ఐదు రంగులయ్యాక రాష్ట్రాలకు ఇంకో ఐదు కొత్త రంగులు ఎక్కడి నుంచి తేవాలి? ఆమె తేలేదు. రాష్ట్రాలను రంగుతో వేరు చేయడమే మానేసింది. ఒక్కో రాష్ట్రానికి ఒక చిన్న గీతల చార్టు, పైన పేరు, నిలువు కొలత అన్నిటికీ ఒకటే, గీత మాత్రం వనరుల పట్టీలో లేని ముదురు వంకాయ రంగు. గంటల వారీగా డిమాండును గడుల్లో చూపే పటంలోనూ లేత నుంచి ముదురుకు పోయే వంకాయ రంగే వాడింది. మామూలుగా అందరికీ నచ్చే ఆకుపచ్చ వాడితే, ముదురు గడులు కనిపించిన చోటల్లా గాలి బాగా వీచిందని అనుకునేవాళ్లుంటారు.

ఇన్ని చేశాక ఆమె సహోద్యోగులను కోరిన పరీక్ష ఒక్కటే. నివేదిక చూడని మనిషిని పిలిచి, మొదటి రెండు చార్టులు లెజెండ్‌తో చూపించి, మూడోదాని లెజెండ్ మీద కాగితం పెట్టి ఏ రంగు ఏమిటో అడగండి. రంగులు నిలకడగా ఉంటే తడుముకోకుండా చెబుతారు. తడుముకున్న చోట చార్టును చూసుకోండి, మనిషిని కాదు.

మెయిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ అధ్యాయం రాస్తున్న సహోద్యోగికి విడిగా ఒక పేరా ఉంది. రాజమహేంద్రవరం దగ్గర జేగురుపాడు, వేమగిరి గ్యాసు కేంద్రాలున్నాయి, కాబట్టి ఆయనకు ఆరో వనరు కావాలి. అణువిద్యుత్తు అక్కడ లేదు కనుక నారింజ ఖాళీగానే ఉంది కదా, దాన్ని గ్యాసుకు వాడుకుంటానని ఆయన అడిగాడు. అలా వాడితే తమిళనాడు పేజీ నుంచి వచ్చిన పాఠకుడికి ఆంధ్రాలో అణువిద్యుత్తు కనిపిస్తుంది, మనం బయల్దేరిన చోటికే వస్తాం.

ఒకాబే, ఇతో జాబితాలో మిగిలిన వాటిని ఆమె లెక్కవేసి చూసింది. లేత నీలం బూడిద రంగులో 171, నారింజకు అతుక్కుపోతుంది. గులాబీ సంగతి ముందే చూశాం. సిందూరం 130, గాలి ఆకుపచ్చకు తొమ్మిది అంకెల దూరం. ఇక మిగిలిన నలుపు బూడిద లెక్కలో బొగ్గుకు దూరమే అయినా, చూసినవాళ్లకు అదే బొగ్గనిపిస్తుంది. తెర మీదైతే ఆరో రంగు దొరుకుతుంది, జిరాక్సులో దొరకదు.

"గ్యాసుకు సిందూరం #D55E00 పెట్టండి, దాని మీద వాలు గీతలు వేయండి. నిఘంటువులో ఆ పేరు నేను చేర్చాను. ఏడో వనరు కావాలంటే నన్ను రంగు అడగకండి. చిన్నవన్నీ 'ఇతరాలు' కింద కలపండి, లేదా దిమ్మె పక్కనే పేరు రాయండి. ఈ కాగితానికి రంగులు ఇక్కడితో అయిపోయాయి."